ముప్ఫై ఏళ్ల పనికి మూడు రోజుల సర్టిఫికెట్: ఐటీఐకి సాటి వస్తుందా?

గూడెం అబ్బాయి

మా నాన్నగారికి 51 ఏళ్లు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి 30 ఏళ్లుగా ఇళ్ల వైరింగు చేస్తున్నారు. ఈ మధ్య ఒక అపార్టుమెంటు పనికి వెళ్తే సర్టిఫికెట్ ఉన్నవాళ్లే కావాలని తిప్పి పంపారు. ఒక శిక్షణ సంస్థవాళ్లు ఆర్‌పీఎల్ శిబిరానికి, అంటే ఇదివరకే వచ్చిన పనిని పరీక్షించి గుర్తించే శిబిరానికి, రమ్మంటున్నారు. మూడు రోజులు, ఫీజు లేదు, చివర పరీక్ష, పాసైతే కేంద్ర ప్రభుత్వ పథకం కింద సర్టిఫికెట్. ఐటీఐ చదివిన మా బావ మాత్రం అది చిత్తుకాగితం అంటున్నాడు. తరగతికి వెళ్లని మనిషికి అనుభవం చూసి పట్టా ఇవ్వడం సబబేనా? ఇచ్చినా దానికి విలువ ఉంటుందా?

రాడ్ బెండర్

మీ బావ మాట వినండి. నేను హైదరాబాదులో ఒక పెద్ద సైటులో ఇనుప పని మేస్త్రీగా ఉన్నప్పుడు ఇదే శిబిరం పెట్టారు. మొదటిరోజు మధ్యాహ్నం పని ఆపించి అందరికీ టీషర్టులు, టోపీలు పంచారు. బ్యానరు ముందు నిలబెట్టి ఫోటో తీశారు. రెండోరోజు ఎవరో వచ్చి హెల్మెట్ పెట్టుకోవాలని, చేతులు కడుక్కోవాలని చెప్పి వెళ్లారు. మూడోరోజు చేతికి ట్యాబ్లెట్ ఇచ్చారు. ప్రశ్నలు హిందీలో ఉన్నాయి. నాకు హిందీ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. పక్కన నిలబడ్డ కుర్రాడు ‘ఇది నొక్కు, ఇది నొక్కు’ అంటూ పది నిమిషాల్లో ముగించేశాడు.

అక్కడే ఇటుకలు మోసే అబ్బాయి ఒకడు ఉన్నాడు. రాడ్డు పట్టుకోవడం కూడా తెలియదు. వాడికీ నాకూ ఒకే సర్టిఫికెట్ వచ్చింది. అయిదు వందలు బ్యాంకులో పడ్డాయి, ఆ మాట దాచను. సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించి పెట్టెలో పెట్టాను. ఇప్పటివరకు ఒక్క కాంట్రాక్టరూ చూపించమనలేదు.

మెగ్గర్ మాస్టారు

రాడ్ బెండర్ గారు చెప్పినవి నేను కూడా చూశాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పి రిటైరయ్యాక కొన్నాళ్లు ఇలాంటి శిబిరాలకు పరీక్షకుడిగా వెళ్లాను. కొన్నిచోట్ల సంతకం పెట్టకుండా లేచి వచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా నేను మీ బావ పక్షం కాదు. ఎందుకో చెప్తాను.

ముందు ఆ మూడు రోజులు దేనికో తెలియాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండో దశలో, అంటే 2016 నుంచి 2020 వరకు నడిచినప్పుడు, ఆర్‌పీఎల్‌కు పెట్టిన సమయం 12 గంటలు. అందులో ఆరు గంటలు పనికి సంబంధించిన మాటలు, నాలుగు గంటలు నడవడిక, సొంత వ్యాపారం గురించి, రెండు గంటలు పరీక్ష ఎలా ఉంటుందో పరిచయం. 12 గంటల్లో ఎవరికీ వైరింగు రాదు. నేర్పడం ఆ శిబిరం పని కాదు, వచ్చిన పనిని కొలవడమే దాని పని. ఎక్కడ తగ్గిందో తేలితే ఆ ఖాళీ పూడ్చడానికి 68 గంటల వరకు అదనపు శిక్షణ ఇవ్వవచ్చని అదే పథకంలో రాసి ఉంది. ఆ రెండో మెట్టును చాలా శిబిరాలు తలచుకోనే తలచుకోవు. మనిషిని లెక్కలో చూపిస్తే డబ్బు వస్తుంది కదా, 68 గంటలు ఎవరు కూర్చోబెడతారు?

కాబట్టి కొలిచే మనిషి ఎవరు, దేనితో కొలుస్తున్నాడు అన్నదే అసలు ప్రశ్న. ట్యాబ్లెట్‌తో కొలిస్తే రాడ్ బెండర్ గారి కథే జరుగుతుంది.

నేను ఎలా చూసేవాడినో చెప్తాను. మనిషి రాగానే ఒక మూర వైరు ఇచ్చి కొస ఒలిచి స్విచ్చుకు బిగించమనేవాడిని. పేరు, ఊరు అడిగేలోపు సగం సంగతి తెలిసిపోతుంది. పని వచ్చినవాడు లోపలి రాగి పోగులు ఒక్కటీ తెగకుండా ఒలుస్తాడు, పోగులు మెలిపెట్టి మడిచి రంధ్రంలో పెడతాడు, బిగించాక ఒకసారి లాగి చూస్తాడు. ఆ లాగి చూడడం ఎవరూ నేర్పరు, ఎప్పుడో ఒకసారి వదులైన వైరు వల్ల స్విచ్చు కాలిపోయి తిట్లు తిన్నవాడికే వస్తుంది. ఇందులో ఐటీఐ కుర్రాళ్లకంటే అనుభవజ్ఞులే ఎప్పుడూ ముందుండేవారు.

ఆ తరువాత ఒక ప్రశ్న అడిగేవాడిని. ‘ఈ ఇంట్లో ఎర్తింగు బాగుందని ఎలా తెలుసుకుంటావు?’ పదిమందిలో తొమ్మిదిమంది జవాబు ఒక్కటే: ‘ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూస్తాను సార్, వెలిగితే బాగున్నట్టే.’

ఈ జవాబు దగ్గరే ముప్ఫై ఏళ్ల అనుభవం మనిషిని మోసం చేస్తుంది. 100 వాట్ల బల్బుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. ఎర్తు గొయ్యి ఎండిపోయి నిరోధం 20 ఓములకు చేరినా ఆ బల్బు దాదాపు పూర్తి వెలుగుతోనే వెలుగుతుంది. ఇప్పుడు గీజరులో ఫేజు వైరు ఊడి లోహపు ఒంటికి తగిలిందనుకోండి. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. అక్కడ పెట్టిన ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే సరఫరా ఆపేసే స్విచ్చు, 16 ఆంపియర్లది. అది పడదు. గీజరు ఒంట్లో కరెంటు అలాగే ఉంటుంది, కింద తడి గచ్చు మీద మనిషి నిలబడి ఉంటాడు. బల్బు వెలిగిన ఇంట్లోనే ఇది జరుగుతుంది. వెలిగినన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి 30 ఏళ్ల పాటు ఆ పద్ధతి సరైనదేనని అతను నమ్ముతూ ఉంటాడు.

అనుభవాన్ని గుర్తించాలి. కానీ ఇలాంటివి బయటపెట్టలేని పరీక్షతో గుర్తిస్తే ఆ మనిషికీ మంచిది కాదు, ఆ ఇంటివాళ్లకీ మంచిది కాదు.

కూకట్‌పల్లి ఫిట్టర్

మాస్టారి లెక్క బాగుంది. కానీ మా బాధ కూడా వినండి. నేను రెండేళ్లు ఐటీఐలో కూర్చున్నాను. మా ఊరినుంచి రోజూ 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లి వచ్చాను. ఇంట్లో నా సంపాదన లేక అమ్మ బంగారం తాకట్టుపెట్టింది. ఇంత చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్‌కూ, మూడు రోజుల దానికీ ఒకే నైపుణ్య స్థాయి, అంటే ఒకే లెవెల్ అంకె వేస్తే నా రెండేళ్లకు అర్థం ఏమిటి? ఉద్యోగం ఇచ్చేవాడు రెండు కాగితాల మీదా ‘లెవెల్ 4’ అని చూస్తే తక్కువ జీతానికి వచ్చేవాడినే తీసుకుంటాడు.

పాత సంచి

ఫిట్టర్ తమ్ముడూ, నువ్వు రెండేళ్లు కూర్చున్నప్పుడు వాళ్ల నాన్న రెండేళ్లు నిచ్చెన మీద ఉన్నాడు. అమ్మ బంగారం సంగతి నాకు అర్థమవుతుంది. కానీ ఆయనకు తాకట్టు పెట్టడానికి కూడా బంగారం లేకే కదా ఎనిమిదిలో మానేశాడు?

నేను ఈ పోర్టళ్లు అవీ చూస్తుంటాను కాబట్టి ఒక సలహా. ఇంత చర్చ ఎందుకు, పీఎం విశ్వకర్మలో చేర్పించండి. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అయిదారు రోజుల శిక్షణ, రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, తక్కువ వడ్డీకి లక్ష రూపాయల అప్పు, సర్టిఫికెట్, గుర్తింపు కార్డు. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు అందరూ వస్తారు.

మెగ్గర్ మాస్టారు

పాత సంచి గారూ, మీరు చెప్పిన భత్యం, వోచరు, అప్పు అన్నీ సరే. కానీ ఆ పథకంలో ఉన్నవి 18 వృత్తులే. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీపని, దర్జీ, మంగలి, చాకలి, ఇలా చేతివృత్తులవి. ఎలక్ట్రీషియన్ అందులో లేడు. గూడెం అబ్బాయి వాళ్ల నాన్నను కామన్ సర్వీస్ సెంటరు చుట్టూ తిప్పకండి.

కుట్టు మిషను

దర్జీ ఉందన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను 19 ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. పెళ్లిళ్ల కాలంలో రోజుకు ఎనిమిది వరకు. ఇద్దరు ఆడపిల్లలకు నేర్పాను, ఇప్పుడు వాళ్లు బొటిక్‌లో పనిచేస్తున్నారు. ఒక ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో కుట్టు నేర్పే పనికి వెళ్తే అనుభవపత్రం అడిగారు. నాకు యజమాని ఎవరు? నా దగ్గర కుట్టించుకున్నవాళ్ల చేత రాయించుకు రమ్మంటారా? కొలతల పుస్తకాలు 14 ఉన్నాయి, ఒక్కొక్క దానిలో రెండు వందల పేర్లు, తేదీలు. అవి చూపిస్తే నవ్వారు.

పాత సంచి

అమ్మా, వాళ్లు నవ్వడం వాళ్ల తెలివితక్కువ. 14 పుస్తకాలకంటే మంచి రుజువు ఏముంటుంది. విశ్వకర్మలో మీకు దారి ఉంది, అక్కడ యజమాని చీటీ అడగరు, ఏ పని చేస్తున్నారో మీరే చెప్పుకోవాలి, పంచాయతీ స్థాయిలో పరిశీలిస్తారు. ఎలక్ట్రీషియన్ సంగతిలో పొరపాటు నాదే, ఒప్పుకుంటున్నాను.

ప్లాంట్ షిఫ్ట్ బి

ఈ దారిలో బీటెక్ వస్తుందా? నాది డిప్లొమా మధ్యలో ఆగిపోయింది. రసాయనాల కర్మాగారంలో 14 ఏళ్ల అనుభవం. నా కింద పని నేర్చుకున్న ఇంజనీర్లు నాకు మేనేజర్లయ్యారు. ఒక కన్సల్టెన్సీవాళ్లు అనుభవాన్ని క్రెడిట్లుగా మార్చి ఆరు నెలల్లో పట్టా ఇప్పిస్తామంటున్నారు, లక్షా ఎనభై వేలు.

మెగ్గర్ మాస్టారు

ఇవ్వకండి. ఇచ్చి ఉంటే ఆపేయండి. ఆరు నెలల్లో వచ్చే బీటెక్ ఉండదు. ఉంటే దాని మీద తేదీ దొంగది అయి ఉంటుంది, అది బయటపడిన రోజు 14 ఏళ్ల ఉద్యోగం కూడా పోతుంది. మీలాంటివాళ్లకు ఒకప్పుడు నిజమైన దారి ఉండేది. ఏఎంఐఈ అని, ఉద్యోగం చేస్తూనే రెండు సెక్షన్లు రాసుకుంటే ప్రభుత్వం డిగ్రీతో సమానంగా చూసేది. 2013 మే 31 వరకు పేరు నమోదు చేసుకున్నవాళ్లకే ఆ సమానత్వం మిగిలింది. అది పోవడం ఈ దేశంలో పనివాళ్లకు జరిగిన నష్టాల్లో పెద్దదని నా అభిప్రాయం. ఎందుకంటే అందులో ఎవరూ ఎవరినీ దయతలచేవారు కాదు, పరీక్ష గట్టిగానే ఉండేది, హాజరు ఒక్కటే అడిగేవారు కాదు. మీరు ముందు డిప్లొమా పూర్తి చేసుకునే వీలు వెతకండి.

స్టుట్‌గార్ట్ సిక్కోలు

మాస్టారు ‘పరీక్ష అదే, హాజరు మాత్రం వద్దు’ అన్నారు కదా, నేనున్న జర్మనీలో సరిగ్గా అదే పద్ధతి. ఇక్కడ ఎలక్ట్రానిక్కర్ అనే వృత్తి శిక్షణ మూడున్నరేళ్లు. అది చేయనివాడు అందులో ఒకటిన్నర రెట్ల కాలం, అంటే అయిదేళ్ల మూడు నెలలు ఆ పని చేసినట్టు చూపిస్తే నేరుగా చివరి పరీక్షకు కూర్చోవచ్చు. శిక్షణ పొందిన కుర్రాళ్లతో పాటే అదే ప్రశ్నపత్రం, అదే ప్రాక్టికల్, అదే పరీక్షక బృందం. పాసైతే చేతికి వచ్చే పట్టాలో తేడా ఉండదు. ఫిట్టర్ గారికి కోపం రావడానికి ఇక్కడ కారణమే ఉండదు.

మా కంపెనీలో ఒక తుర్కియే ఆయన 44 ఏళ్లకు అలా రాశాడు. చేతిపని అంతా కళ్లు మూసుకుని చేసేవాడు. రెండుసార్లు రాతపరీక్షలో తప్పాడు. ఏడాది పాటు సాయంత్రాలు కూర్చుని చదివాడు. ఇంకొక్కసారే అవకాశం ఉందని తెలిసి మూడోసారి రాసేముందు వారం రోజులు నిద్రపోలేదని చెప్పేవాడు. పాసయ్యాడు.

ఇందులో కష్టం కూడా అదే. రాతపరీక్ష దగ్గర చాలామంది ఆగిపోతారు. అందుకే 2025 జనవరి నుంచి 25 ఏళ్లు దాటినవారికి ఇంకో దారి తెరిచారు. అందులో రాతపరీక్ష ఉండదు, నిపుణులు ముందు కూర్చోబెట్టి పని చేయించి చూస్తారు. కానీ దానితో వచ్చేది ఆ పట్టా కాదు, ‘ఆ వృత్తితో పోల్చదగిన సామర్థ్యం ఉంది’ అన్న ధ్రువీకరణ. కాబట్టి ఇక్కడ కూడా రెండు కాగితాలు ఉన్నాయి. రెండోదాన్ని యజమానులు ఎలా చూస్తారో ఇంకా తేలాలి.

కూకట్‌పల్లి ఫిట్టర్

అలా అయితే నాకు అభ్యంతరం లేదు. నా పరీక్షే రాసి పాసైతే మా నాన్న వయసువాడైనా నాతో సమానమే. మన దగ్గర అలా లేదు కదా, అదే నా గోడు.

మెగ్గర్ మాస్టారు

ఉంది బాబూ. నువ్వు చదివిన చోటే ఉంది, ఎవరూ చెప్పరు. ఐటీఐ పిల్లలు రాసే అఖిల భారత ట్రేడ్ పరీక్షకు ప్రైవేటు అభ్యర్థిగా కూర్చునే వీలు చాలా ఏళ్లుగా ఉంది. 21 ఏళ్లు నిండాలి, ఆ ట్రేడులో మూడేళ్ల అనుభవం చూపాలి, ఆ ట్రేడుకు కావలసిన కనీస చదువు ఉండాలి. ప్రకటన వచ్చినప్పుడు దగ్గరి ప్రభుత్వ ఐటీఐలో అడిగి షరతులు సరిచూసుకోవాలి. పాసైతే వచ్చేది నీ చేతిలో ఉన్న జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టే. ప్రాక్టికల్‌లో నూటికి 60 తెచ్చుకోవాలి, అక్కడ ముసలి చేతులకు భయం లేదు. రాతపరీక్షలో లెక్కలు, డ్రాయింగు అడుగుతారు, అక్కడే చెమటలు పడతాయి.

ఇప్పుడు గూడెం అబ్బాయి సంగతి. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతి కావాలి, మీ నాన్నగారికి లేదు. కానీ వైర్‌మన్ ట్రేడుకు ఎనిమిది చాలు. ఈ తేడా తెలియక ఎంతోమంది ‘పదో తరగతి లేదు, మనకు కాదు’ అని వెనక్కి వెళ్లిపోయారు. ఇళ్ల వైరింగు చేసే మనిషికి వైర్‌మన్ ట్రేడు అతికినట్టు సరిపోతుంది.

శిబిరానికి కూడా వెళ్లవచ్చు. అదే కౌశల్ వికాస్ యోజన నాలుగో దశలో ఆర్‌పీఎల్‌కు వయసు 18 నుంచి 59 వరకు పెట్టారు కాబట్టి 51 అడ్డం కాదు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. సొంతంగా వైరింగు కాంట్రాక్టు తీసుకోవడానికి ఆ సర్టిఫికెట్ చాలదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేతిమీద, అర్హతపత్రం ఉన్న మనిషి పర్యవేక్షణలో జరగాలి. ఆ పత్రాలు ఇచ్చేది రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. కాబట్టి మీ నాన్నగారిని తిప్పి పంపినవాళ్లు ఏ సర్టిఫికెట్ అడిగారో ముందు కనుక్కోండి. భవన నిర్మాణ సంస్థ తన లెక్కల కోసం నైపుణ్య ధ్రువీకరణ అడిగితే శిబిరం కాగితం నడుస్తుంది. ఆ బోర్డు ఇచ్చే పర్మిట్ అడిగితే నడవదు. ఈ ఒక్క ప్రశ్న అడగకుండానే మీ బావా మీరూ వాదించుకుంటున్నారు.

జుబైల్ నైట్ డ్యూటీ

సౌదీ నుంచి. మాది జగిత్యాల దగ్గర. ఇక్కడికి వచ్చేవాళ్లకు ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు బయలుదేరేముందే పరీక్ష పెడుతున్నారు, టకామోల్ అని సౌదీ సంస్థ నడుపుతుంది. కొంత కంప్యూటర్ మీద, కొంత చేతిపని. వాళ్లు మన సర్టిఫికెట్ ఏదీ అడగరు, ఆ పరీక్ష పాసైతేనే వీసా కదులుతుంది. అందుకే దాన్ని చిత్తుకాగితం అనేవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. కాగితం అడిగేవాడు ఉంటేనే కాగితానికి విలువ. రాడ్ బెండర్ అన్న సర్టిఫికెట్ పెట్టెలో ఉండిపోవడానికి కారణం పరీక్ష దొంగది కావడమొక్కటే కాదు, ఏ కాంట్రాక్టరూ దానికి రూపాయి ఎక్కువ ఇవ్వకపోవడం కూడా.

రాడ్ బెండర్

అది నిజం. ఆ కాగితానికి రోజుకూలీ యాభై రూపాయలు పెరిగి ఉంటే నేనే పోట్లాడి ఉండేవాడిని, ‘ఇటుకల కుర్రాడికి ఎందుకిచ్చారు’ అని. పెరగలేదు కాబట్టి ఎవరికిచ్చినా పట్టలేదు.

గూడెం అబ్బాయి

అందరికీ ధన్యవాదాలు. రాత్రి అన్నం తినేటప్పుడు మాస్టారి ప్రశ్న నాన్నను అడిగాను. ‘ఎర్తింగు బాగుందని ఎలా తెలుస్తుంది?’ ‘బల్బు పెట్టి చూస్తా’ అన్నారు. 11.5 ఆంపియర్ల లెక్క కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ‘మరి ఆర్‌సీసీబీ ఉంటే పడుతుంది కదా’ అన్నారు. ఆ మాట నాకు తెలియదు. ఆయనే మళ్లీ, ‘కానీ అది ఊరికే పడుతుంటే ఇళ్లవాళ్లు తిడతారు, నాలుగైదు ఇళ్లలో తీసేసి నేరుగా కలిపేశాను’ అన్నారు. మాస్టారూ, అది తప్పా?

ఇంకొకటి, అనుభవపత్రం. నాన్న మొదటి ఏడేళ్లు ఒక లైసెన్సు కాంట్రాక్టరు దగ్గర చేశారు. ఆయన చనిపోయారు. ఆయన కొడుకు ఇప్పుడు అదే లైసెన్సు పేరుతో పనులు చేస్తున్నాడు గానీ రాసివ్వడానికి ఇష్టపడటం లేదు, ఏదైనా ప్రమాదం జరిగితే తన మెడకు చుట్టుకుంటుందని భయం.

మెగ్గర్ మాస్టారు

ముందుగా మీ నాన్నగారికి నమస్కారం. బల్బు లెక్క చూపగానే ఆర్‌సీసీబీ మాట ఎత్తారంటే ఆయనకు విషయం అందుతోంది. నా ఐటీఐ పిల్లల్లో సగం మంది ఆ రెండింటినీ కలిపి ఆలోచించేవారు కాదు.

తీసేయడం మాత్రం తప్పే. ఆర్‌సీసీబీ అంటే కరెంటు పక్కదారి పడితే సరఫరా ఆపేసే స్విచ్చు, అది ఊరికే పడదు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే పడుతుంది, తేడా 30 మిల్లీఆంపియర్లు చాలు. మనవాళ్లు కొత్తగా ఒక పాయింటు వేసేటప్పుడు వైరు మిగులుతుందని పక్క స్విచ్‌బోర్డు నుంచి న్యూట్రల్ లాగేస్తారు. ఆ బోర్డు ఇంకో ఆర్‌సీసీబీ కింద ఉంటే, వెళ్లిన కరెంటు ఒకదాని గుండా, తిరిగొచ్చేది రెండోదాని గుండా. రెండూ లెక్క తప్పుతాయి. ఆయనను ఒకటి గుర్తుచేసుకోమనండి: ఆ నాలుగైదు ఇళ్లలో ఒక గదిలో ఫ్యాను వేస్తే రెండు ఆర్‌సీసీబీలూ ఒకేసారి పడేవా? పడితే అది అరువు న్యూట్రలే. ఒక్కటే పడితే, లోడు ఏదీ వేయకపోయినా పడుతుంటే, ఎక్కడో తడిసిన వైరు ఉంది. దానికి కరెంటు ఆపి, ఇంట్లో సామాన్లన్నీ ప్లగ్గులు తీసేసి, వైరు పైతొడుగు నిరోధాన్ని కొలిచే మెగ్గరుతో చూడాలి. ఒక మెగాఓముకు తగ్గితే ఆ వైరు మార్చాల్సిందే.

ఇలాంటివి 68 గంటల్లో హాయిగా చెప్పవచ్చు. రెండేళ్లు అక్కర్లేదు. చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తే మాత్రం మీ బావ మాట నిజమవుతుంది.

అనుభవపత్రం గురించి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ కొడుకు భయంలో అర్థం ఉంది. ఆయనను ప్రమాదాలకు హామీ ఇమ్మని కాకుండా, ‘ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు మా నాన్న దగ్గర పనిచేశాడు’ అని మాత్రమే రాయమనండి. పాత మస్టరు పుస్తకాలు ఉంటే నకలు తీసుకోండి. అదీ కుదరకపోతే మూడేళ్లు ఇంకో లైసెన్సు కాంట్రాక్టరు దగ్గర పేరు నమోదై పనిచేయడమే దారి. 51 ఏళ్ల మనిషిని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టమనడం నాకే కష్టంగా ఉంది.

కుట్టు మిషను

నా 14 పుస్తకాల లాగే ఉంది వారిదీ. పని అందరికీ కనిపిస్తుంది, రాసిచ్చేవాళ్లు మాత్రం ఉండరు.

కూకట్‌పల్లి ఫిట్టర్

గూడెం అబ్బాయ్, నా దగ్గర వైర్‌మన్ ట్రేడు థియరీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి, నా తమ్ముడివి. చిరునామా విడిగా పంపండి, కొరియరు చేస్తాను. లెక్కల భాగానికి పెన్సిలుతో జవాబులు వేసి ఉంటాయి, అవి చెరిపి ఇవ్వండి నాన్నగారికి. మూడు రోజుల కాగితం విషయంలో మాత్రం నా మాట మారలేదు.

గూడెం అబ్బాయి

పంపుతాను అన్నా. నాన్న పొద్దున్నే సంచి తీసుకుని బయలుదేరారు. ఎక్కడికని అడిగితే, ఆర్‌సీసీబీ తీసేసిన ఇళ్లలో మొదటిది రైలుగేటు దగ్గర ఉందట, అక్కడికి. డబ్బులు అడగనని చెప్పి వెళ్లారు. మెగ్గరు అద్దెకు ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.